ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ: మన వాట్సాప్ గ్రూపులో ఉన్నవారంతా మనవారేనా?

ఆదోని మండలంలోని మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు, అమ్మానాన్నలు సుగ్గికి వెళ్లినప్పుడు పిల్లలను కనిపెట్టుకుని ఉంటున్న అవ్వాతాతలకు, తరగతి వాట్సాప్ గ్రూపు నడుపుతున్న అడ్మిన్లకు నమస్కారం.

నేను ఇక్కడ రాయబోయే విషయం మీకు కొత్త కాదు. తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాను. పిల్లల డైరీల్లో చీటీ అంటించి సంతకాలు అడిగాను. అడ్మిన్లకు విడిగా సందేశాలు పంపాను. సంతకాలైతే వచ్చాయి, గ్రూపు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఫిబ్రవరిలో మనలో ఒక తల్లికి జరిగిన నష్టం అందరికీ తెలిసిన తరువాత కూడా గ్రూపులో చేరే పాత లింకు ఊళ్లో తిరుగుతూనే ఉంది. నిన్నటికి నిన్న ఒకరు గ్రూపులో బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో పెట్టారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. నష్టపోయిన తల్లి అనుమతి తీసుకునే ఆమె సంగతి రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు రాయడం లేదు. దయచేసి మీరు కూడా అడగవద్దు.

ముందు గ్రూపు పరిస్థితి చెబుతాను. పిల్లలు ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక తండ్రి మంచి ఉద్దేశంతో ఈ గ్రూపు మొదలుపెట్టారు. ఇప్పుడు ముగ్గురు అడ్మిన్లు ఉన్నారు, ముగ్గురూ తల్లిదండ్రులే. తరగతిలో పిల్లలు 38 మంది. గ్రూపులో నంబర్లు 71. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి అనుకుంటే ఆ లెక్క సరిపోవచ్చు. కానీ సమావేశంలో జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్క నంబరూ చదివితే, తొమ్మిది నంబర్లు ఎవరివో అక్కడున్న ఎవరూ చెప్పలేకపోయారు. కొన్ని బడి మానేసిన పిల్లల ఇళ్లవి కావచ్చు. కొన్ని మేనమామలవో, అన్నలవో కావచ్చు. మార్చేసిన సిమ్ము ఇప్పుడు వేరే మనిషి చేతిలో ఉండటమూ సాధ్యమే. ఎవరివో తెలియని ఆ తొమ్మిది నంబర్లకూ మన 38 మంది పిల్లల గురించి పెట్టిన ప్రతి మాటా, ప్రతి ఫొటో చేరుతున్నాయి.

వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరికీ మిగతా అందరి ఫోను నంబర్లు కనిపిస్తాయి. మీ నంబరును వారు ముందే దాచుకుని ఉండనక్కరలేదు, వారి నంబరు మీకు తెలిసి ఉండనక్కరలేదు. గ్రూపు పేరు మీద నొక్కితే జాబితా మొత్తం వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఫిబ్రవరిలో ఏం జరిగిందో సులభంగా అర్థమవుతుంది.

2025 జూన్‌లో బడులు తెరిచినప్పుడు తల్లికి వందనం డబ్బు పడింది. ₹15,000లో బడి నిర్వహణకు ₹2,000 పోగా తల్లి ఖాతాకు ₹13,000. కొందరికి పడింది, కొందరికి పడలేదు. ఆధార్ ఖాతాకు అనుసంధానం కాలేదనో, సచివాలయం జాబితాలో పేరు లేదనో ఆందోళన పడినవారు గ్రూపులోనే ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు ఫొటోలు తీసి పెట్టి ‘మాది చూడండి మేడమ్’ అని అడిగారు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. అదే రోజుల్లో, కొత్తగా చేరిన పిల్లల ఇళ్లవారికి అందాలని ఎవరో గ్రూపు లింకును ఊరి యువకుల గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి అది ఎక్కడెక్కడికి వెళ్లిందో ఇక ఎవరూ చెప్పలేరు. లింకు నొక్కి చేరిన ప్రతిసారీ గ్రూపులో ‘joined using this group's invite link’ అని చిన్న అక్షరాల్లో ఒక వరుస పడుతుంది. శుభోదయం సందేశాల మధ్య అది ఎవరి కంటా పడలేదు.

అలా చేరిన ఒక నంబరు నెలల తరబడి ఒక్క మాటా రాయలేదు. ప్రొఫైల్‌లో ఏదో బడి భవనం ఫొటో ఉంది కాబట్టి చూసినవారు ఎవరో ఉపాధ్యాయుడనుకున్నారు. ఫిబ్రవరిలో ఆ నంబరు నుంచి ఒక తల్లికి ఫోను వచ్చింది. అప్పుడు ఆమె గుంటూరు వైపు మిరప చేలో కోతలో ఉన్నారు. కొడుకు ఇక్కడ అవ్వ దగ్గర ఉన్నాడు. ఫోను చేసినవాడు ఆమె పేరు, కొడుకు పేరు, తరగతి, ఆమె ఖాతా ఏ బ్యాంకులో ఉందో, ఖాతా నంబరు చివరి అంకెలు ఏవో తప్పు లేకుండా చెప్పాడు. ఇవన్నీ జూన్‌లో ఆమె గ్రూపులో పెట్టిన ఫొటోలోనివే. ‘వచ్చే ఏడాది తల్లికి వందనానికి ఈకేవైసీ చేస్తున్నాం, బడి నుంచే మాట్లాడుతున్నాను, మీకొక ఆరు అంకెల నంబరు మెసేజ్ వస్తుంది, చెప్పండి’ అన్నాడు. మెసేజ్ వచ్చింది. ఆమె చెప్పారు. ఇన్ని వివరాలు తెలిసిన మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఆ ఆరు అంకెలకూ పథకానికీ ఏ సంబంధమూ లేదు. వాడు తన ఫోనులో వాట్సాప్ తెరిచి ఆమె నంబరు కొట్టాడు. ఆ నంబరు తనదేనని నిరూపించుకోవడానికి వాట్సాప్ పంపే సంకేతం ఆమె ఫోనుకు వచ్చింది. అది చెప్పగానే ఆమె వాట్సాప్ వాడి ఫోనులోకి వెళ్లిపోయింది, ఆమె ఫోనులో ఆగిపోయింది. ఆమె పాత సందేశాలు వాడికి రావు, అవి ఆమె ఫోనులోనే ఉంటాయి. కానీ ఆమె ఉన్న గ్రూపులన్నీ, అక్కడి నంబర్లన్నీ వాడి ముందుకు వచ్చాయి. అరగంటలో మన గ్రూపులోని కొందరికి ఆమె పేరుతో, ఆమె ఫొటోతో విడివిడిగా సందేశాలు వెళ్లాయి: ‘బాబుకు జ్వరం ఎక్కువైంది, ఆసుపత్రిలో ఉన్నాం, ₹3,000 ఈ నంబరుకు పంపండి, రేపు ఇస్తాను.’ ఇద్దరు తండ్రులు పంపారు. ఒకరు ఆ సాయంత్రమే అవ్వ ఇంటికి వెళ్లి, అబ్బాయి అరుగు మీద చదువుకుంటూ కనిపించగానే మోసం గ్రహించి 1930కి ఫోన్ చేశారు. ఆయన డబ్బు అవతలి ఖాతాలోనే నిలిచిపోయింది. రెండో ఆయన రెండు రోజుల తరువాత చెప్పారు. అప్పటికి ఆ డబ్బు వేరే ఖాతాలకు మారిపోయింది.

ఆ తల్లికి జరిగిన నష్టం డబ్బులో లెక్క తేలేది కాదు. ఆమె మళ్లీ తన నంబరుతో వాట్సాప్ తెరిచి, తన ఫోనుకు వచ్చిన సంకేతం కొట్టగానే ఆ మనిషి బయటికి పడిపోయాడు. కానీ అప్పటికే వాడు ఆమె ఖాతాకు తనదైన రహస్య పిన్ను పెట్టేశాడు. ఆ పిన్ను తెలియకపోతే వాట్సాప్ ఏడు రోజులు ఆగమంటుంది. చేలో ఉన్న తల్లికి కొడుకు ముఖం చూపించే దారి ఆ వీడియో కాల్ ఒక్కటే. వారం పాటు అది లేదు. డబ్బు పోగొట్టుకున్న ఇంటివారు ఆమెతో ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదని విన్నాను. ఆ అమ్మ ఎవరినీ మోసం చేయలేదు. ఈ మాట ఆ ఇంటివారు చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నవి:

1. అడ్మిన్లుగా ఉన్న ముగ్గురికి. ఈ రోజే గ్రూపు సమాచారంలోకి వెళ్లి, లింకు ఉన్న చోట Reset link నొక్కండి. ఆ క్షణం నుంచి ఊళ్లో తిరుగుతున్న పాత లింకు పనిచేయదు. అయితే ఇప్పటికే లోపలికి వచ్చినవారు దానితో బయటికి పోరు. వారిని జాబితా చూసి ఒక్కొక్కరిగా తొలగించాలి. ఆ తరువాత Group permissions లో Approve new members ఆన్ చేయండి. అప్పుడు లింకు దొరికినా మీ అనుమతి లేకుండా ఎవరూ చేరలేరు. ఆ పక్కనే Add other members కూడా ఉంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే ఏ సభ్యుడైనా తనకు తెలిసినవారిని చేర్చగలడు. ఇదంతా ఉగాది వరకే. ఉగాదికి సుగ్గి నుంచి వచ్చేవారంతా వచ్చాక ఈ గ్రూపును మూసివేయాలని కోరుతున్నాను. మూసివేయడమంటే మీరు ముగ్గురూ వెళ్లిపోవడం కాదు. అలా వెళ్లిపోతే వాట్సాప్ మరొక సభ్యుడిని అడ్మిన్ చేస్తుంది, గ్రూపు నడుస్తూనే ఉంటుంది. ముందు సభ్యులందరినీ తొలగించి, చివరగా మీరు బయటికి రండి. మీరు ఇంతకాలం చేసిన సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పిల్లల వివరాలకు జవాబు చెప్పాల్సింది బడి, ఆ భారం మీ మీద ఉండకూడదు.

2. కొత్త ఏర్పాటు గురించి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడి ఫోను నుంచి వాట్సాప్‌లో కమ్యూనిటీ అనే ఏర్పాటు చేస్తున్నాం. దానిలోని ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, అక్కడ ఒక తల్లి నంబరు మరొక తల్లికి కనిపించదు. అడ్మిన్లకు, ఇదివరకే మీ నంబరు దాచుకున్నవారికి మాత్రమే కనిపిస్తుంది. ఒకవేళ ఎవరైనా బయటివారు చొరబడినా ఫోన్లు చేయడానికి వారికి నంబర్లు దొరకవు. అడ్మిన్లుగా నేను, మరొక ఉపాధ్యాయుడు ఉంటాం. ఒక్కో పిల్లకు లేదా పిల్లవాడికి రెండు నంబర్లు మాత్రమే చేరుస్తాం, మీరు సంతకం చేసి ఇచ్చినవి. సుగ్గికి వెళ్లే ఇళ్లవారు ఒక నంబరు అమ్మదో నాన్నదో, మరొకటి ఇక్కడ పిల్లల దగ్గర ఉండేవారిదో ఇవ్వండి. సిమ్ము మారిస్తే పాత నంబరు తీసేయమని నాకు తప్పక చెప్పండి.

‘మేము రాయలేకపోతే మా మాట ఎవరు వింటారు?’ అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీ బిడ్డ గురించి ఏదైనా ఉంటే నాకు నేరుగా రాయండి, లేదా వాయిస్ పంపండి. సాయంత్రం 5 నుంచి 7 లోపు జవాబిస్తాను. అత్యవసరమైతే మెసేజ్ కోసం చూడకుండా ఫోను చేయండి. చదవడం రానివారి కోసం ప్రతి ప్రకటనతో పాటు అదే విషయం నా గొంతుతో వాయిస్‌గా కూడా పెడతాను. పక్కింటి పిల్లవాడిని పిలిచి చదివించుకోవాల్సిన అవసరం ఉండదు.

3. అందరూ తప్పనిసరిగా చేయాల్సినది ఇది. పైన చెప్పిన తల్లి ఫోనులో ఇదొక్కటి చేసి ఉంటే, ఆరు అంకెలు చెప్పేసినా ఆమె వాట్సాప్ వాడి ఫోనులో తెరుచుకునేది కాదు. వాట్సాప్‌లో Settings తెరవండి. అందులో Account, దానిలో Two-step verification ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఆరు అంకెల పిన్ను పెట్టమంటుంది. ఇది మీరు ఎంచుకునే పిన్ను, మెసేజ్‌లో వచ్చే సంకేతం కాదు. ఎవరైనా మీ నంబరును వేరే ఫోనులో తెరవాలంటే మెసేజ్ సంకేతంతో పాటు ఈ పిన్ను కూడా కావాలి. పుట్టిన తేదీని, వరుస అంకెలను పెట్టవద్దు. కాగితం మీద రాసి ఇంట్లో రేషన్ కార్డు దాచేచోట దాచండి, ఫోను కవరులో పెట్టవద్దు. ఈమెయిల్ అడిగితే మీ ఇంట్లో నమ్మకమైనవారిది ఇవ్వండి, పిన్ను మరచిపోతే దాని ద్వారా మార్చుకోవచ్చు. అప్పుడప్పుడు వాట్సాప్ తానే ఆ పిన్ను అడుగుతుంది. మీరు మరచిపోకుండా ఉండటానికే అలా అడుగుతుంది, భయపడకండి. పిన్ను పెట్టుకున్నాక కూడా ఆ రెంటిలో దేన్నీ ఎవరికీ చెప్పకూడదు. బడి నుంచి గానీ, సచివాలయం నుంచి గానీ మీ వాట్సాప్ సంకేతం ఎవరూ అడగరు.

దొంగలకు మరొక దారి కూడా ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ పైన ఉన్న మూడు చుక్కలు నొక్కితే, ఐఫోనులో Settings తెరిస్తే వచ్చే Linked devices అనే చోట మీ వాట్సాప్ ఇంకా ఏయే కంప్యూటర్లలో, ఫోన్లలో తెరిచి ఉందో కనిపిస్తుంది. మీసేవకో, జిరాక్సు అంగడికో వెళ్లినప్పుడు కాగితాలు ముద్రించుకోవడానికి అక్కడి కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిచి, మూయకుండా వచ్చేస్తారు. మీరు ఇంటికి వచ్చాక కూడా అక్కడ మీ సందేశాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ జాబితాలో మీకు తెలియనిది ఏదైనా ఉంటే దాని మీద నొక్కి Log out చేయండి. ఈ పని నెలకొకసారి చేయండి.

వాట్సాప్ పోయిందని ఎలా తెలుస్తుందంటే, మీ ఫోనులో అది హఠాత్తుగా ఆగి, ఈ నంబరు వేరే ఫోనులో నమోదైందని చెబుతుంది. వెంటనే మీ నంబరుతో మళ్లీ నమోదు చేసుకోండి. పిన్ను అడిగి ఏడు రోజులు ఆగమన్నా సరే, ముందు ఆ సంకేతం కొట్టండి, అవతలివాడు బయటికి పోతాడు. ఆ తరువాత నాకు మామూలు ఫోను చేయండి, మిగతావారిని నేను హెచ్చరిస్తాను. ఇక డబ్బు అడుగుతూ ఎవరి నుంచి సందేశం వచ్చినా, ఆ మనిషికి ఫోను చేసి గొంతు వినకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు. వాట్సాప్ కాల్ చేయవద్దు, ఎత్తేది ఆ దొంగే కావచ్చు. మామూలు కాల్ చేయండి. డబ్బు పోతే 1930కి వెంటనే చెప్పండి. మనకు తెలిసిన ఇద్దరు తండ్రుల్లో ఒకరి డబ్బు ఆగడానికి, ఇంకొకరిది పోవడానికి తేడా ఆ రెండు రోజులే.

4. ఆధార్, పాస్‌బుక్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఏ గ్రూపులోనూ పెట్టవద్దు. బడికి కావాలంటే జిరాక్సు పిల్లల చేత పంపండి, లేదా నేరుగా నాకు చూపించండి. డబ్బు పడకపోతే గ్రూపులో ఉన్నవారెవరూ దాన్ని సరిచేయలేరు. ఆధార్ అనుసంధానం బ్యాంకులో, జాబితా సంగతి సచివాలయంలో చూడాలి. ఎక్కడైనా ఆధార్ ఫొటోగా పంపాల్సి వస్తే, పన్నెండు అంకెల్లో చివరి నాలుగు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. అది సరిపోతుందేమో ముందు అడగండి.

‘పెట్టాక తీసేశాను కదా’ అని ఒక తండ్రి అన్నారు. Delete for everyone అన్నది పెట్టిన రెండు రోజుల చిల్లర వరకే పనిచేస్తుంది. ఆ లోపు తీసేసినా, అప్పటికే ఎవరి గ్యాలరీలోనైనా దాచుకున్న ఫొటో అక్కడే ఉంటుంది. వేరే గ్రూపులోకి పంపిన ఫొటో కూడా పోదు. జూన్‌లో పెట్టిన పాస్‌బుక్ ఫిబ్రవరిలో ఎలా పనికొచ్చిందో చూశాం. జూన్‌లో అలా ఫొటోలు పెట్టిన ప్రతి ఇంటివారూ ఒకసారి బ్యాంకుకు వెళ్లి ఖాతాలో తెలియని లావాదేవీలు లేవని చూసుకోండి. ఆధార్ వెబ్‌సైటులోనో ఆధార్ అధికారిక యాప్‌లోనో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే రోజు దాన్ని తెరవాలి, మళ్లీ మూయాలి. కాస్త శ్రమే, అయినా అవసరం.

5. పిల్లల ఫొటోలు. వార్షికోత్సవంలో మన ఆడపిల్లలు వేసిన నృత్యం వీడియోను ఎవరో గ్రూపులో పెట్టారు. వారం తిరగకముందే అందులోని ఒక అమ్మాయి ముఖం ఎవరో తెరిచిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో కనిపించింది. ఖాతా తీయించగలిగాం. కానీ ఆ అమ్మాయి వారం రోజులు బడికి రాలేదు. ఇంట్లోవారు చదువు మానిపించే ఆలోచన చేశారు. పదమూడేళ్ల పిల్ల చదువు ఒక వీడియోతో ఆగిపోయే స్థితి వచ్చింది. తప్పు చేసినవాడు ఎవడో, శిక్ష ఎవరికో. కాబట్టి మీ బిడ్డ కాని మరెవరి పిల్లల ఫొటో, వీడియో అయినా వాళ్ల ఇంటివారిని అడగకుండా ఎక్కడా పెట్టవద్దు, స్టేటస్‌లో కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడుకునే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. బడి తరఫున నేను పెట్టే ఫొటోల్లో పిల్లల పేర్లు ఉండవు. అనుమతి పత్రంలో మీరు ‘వద్దు’ అని రాస్తే మీ బిడ్డ ముఖం ఏ ఫొటోలోనూ రాదు, అందుకు కారణం కూడా అడగను.

మీ ఫోనులో చేయాల్సినవి మూడున్నాయి. చాలామంది అమ్మలు ప్రొఫైల్‌లో కూతురి ఫొటో పెట్టుకున్నారు. Settings, Privacy, Profile photo లో Everyone ఉంటే మీ నంబరు తెలిసిన ఎవరికైనా ఆ ఫొటో కనిపిస్తుంది. దాన్ని My contacts చేయండి. అక్కడే Groups అనే చోట కూడా My contacts పెట్టండి. అప్పుడు తెలియనివారు మిమ్మల్ని అడగకుండా ఏ గ్రూపులోనూ చేర్చలేరు. అయితే ముందు బడి నంబరును మీ ఫోనులో దాచుకోండి, లేకపోతే నేను కూడా చేర్చలేను. మూడోది, ఆండ్రాయిడ్ ఫోనులో గ్రూపు పేరు మీద నొక్కి Media visibility ని No చేస్తే గ్రూపు ఫొటోలు మీ గ్యాలరీలో చేరవు. ఇంట్లో ఒకే ఫోను ఉండి నలుగురి చేతులు మారుతుంటే ఇది చాలా అవసరం.

6. పిల్లల తగాదాలు, ఫిర్యాదులు గ్రూపులో పెట్టవద్దు. ‘మీ వాడు మా వాడి పెన్ను దొంగిలించాడు’ అని ఒక తండ్రి పేరుతో సహా రాశారు. పెన్ను సంచి అడుగున దొరికింది. ఆ మాట మాత్రం 71 ఫోన్లకు చేరింది. మర్నాడు ఆ పిల్లవాడిని దొంగ అని పిలిచింది పెద్దలు కాదు, అమ్మానాన్నల ఫోన్లలో ఆ సందేశం చదివిన తోటి పిల్లలే. మార్కులు, ఫీజు బకాయిలు, ఎవరు బడికి రాలేదన్న సంగతి, కులం, ఆరోగ్యం, ఇంటి గొడవలు కూడా ఇంతే. నేను కూడా మార్కుల జాబితా గ్రూపులో పెట్టను, ఎవరి మార్కులు వారి ఇంటికే వెళతాయి. ఇతర ఉపాధ్యాయులు పెడితే నాకు చెప్పండి, నేను మాట్లాడతాను.

7. రాజకీయాలు, మతం, వ్యాపార ప్రకటనలు, శుభోదయాలు వద్దు. .apk తో ముగిసే ఫైలు ఎవరి నుంచి వచ్చినా తెరవవద్దు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో పేరు ఉంటుంది. తెరిచి అడిగిన అనుమతులన్నీ ఇస్తే మీ మెసేజ్‌లలోని ఓటీపీలు వాళ్లకు చేరతాయి, మీ పేరుతో అదే ఫైలు మిగతావారికి కూడా వెళ్లవచ్చు. పొరపాటున తెరిస్తే ఫోనులో డేటా, వైఫై వెంటనే ఆపేసి, మరో ఫోను నుంచి 1930కి, బ్యాంకుకు చెప్పండి. బడి నుంచి అలాంటి ఫైలు ఎప్పుడూ రాదు.

ఈ మార్పులు ఫోనులో చేసుకోవడం రానివారు మొహమాటపడవద్దు. ఉగాది తరువాత వచ్చే శనివారం బడి వదిలాక చీకటి పడేవరకు తరగతి గదిలోనే ఉంటాను. ఫోను, చార్జరు తీసుకుని రండి. మీ కళ్ల ముందే, మీ చేతితోనే చేయిస్తాను. మీ పిన్ను నేను చూడను, నాకు చెప్పకండి. అప్పటికీ సుగ్గి నుంచి రానివారికి ఫోనులో ఒక్కొక్క మెట్టూ చెబుతాను. అవ్వలు, తాతలు రావడానికి ఇబ్బందైతే పిల్లవాడితో కబురు పంపండి, నేనే ఇంటికి వస్తాను.

అనుమతి పత్రాలు రేపు పిల్లల చేత పంపుతున్నాను. రెండు నంబర్లు, ఫొటోలకు అవునో కాదో, మీ సంతకం లేదా వేలిముద్ర, ఇవే అందులో అడిగాను. ఉగాది తరువాతి సోమవారం కొత్త ఏర్పాటు మొదలవుతుంది. ఆ రోజు నుంచి పాత గ్రూపులో నేను ఏ సమాచారమూ పెట్టను, అక్కడ బడి పేరుతో ఎవరు ఏం రాసినా అది బడి మాట కాదు. పత్రం నాకు తిరిగి రాని ఇళ్లకు హోంవర్కు, సెలవులు, పరీక్ష తేదీలు ఎప్పటిలాగే డైరీలో రాసి పంపుతాను. అడ్మిన్లు ముగ్గురూ లింకు మార్చిన వెంటనే నాకు ఒక్క మాట తెలియజేయండి. శుక్రవారం లోపు ఆ మాట రాకపోతే ఈ లేఖను, ఎవరివో తెలియని ఆ తొమ్మిది నంబర్ల జాబితాను ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీకి రాతపూర్వకంగా అందజేస్తాను.

ఇట్లు,
ఎనిమిదో తరగతి ఉపాధ్యాయురాలు,
ఆదోని మండలం, కర్నూలు జిల్లా